పరుగెడుతూ వదిలిన బంతి

ఇంటర్ ఫస్టియర్ చదివే ఒక అమ్మాయికి నేను ఫిజిక్స్ ట్యూషన్ చెబుతున్నాను. ప్రొజెక్టైల్ మోషన్ మొదలెట్టిన రోజు పెన్ను పట్టుకున్న ఆమె చెయ్యి వణికింది. రేంజ్ సూత్రం రాయమంటే sin2θ బదులు sin²θ రాసింది. తప్పని చెప్పగానే అదీ చెరిపేసి, ఇంక ఏమీ రాయలేదు. విసిరిన బంతి ఎంత దూరం వెళుతుందో చెప్పే రేంజ్ సూత్రం, ఎంత ఎత్తు లేస్తుందో చెప్పే సూత్రం, రెండూ ఆమెకు వచ్చు. ఏది దేనిదో మాత్రం పరీక్ష హాల్లో గుర్తుండదేమోనని భయం.

తమ్ముడితో రోజూ క్రికెట్ ఆడుతుందని వాళ్ళమ్మ చెప్పగా విన్నాను. మర్నాడు సాయంత్రం పుస్తకం ఇంట్లోనే పెట్టి రమ్మన్నాను. ముగ్గురం బంతి తీసుకుని గ్రౌండుకి వెళ్ళాం.

నేల మీద సున్నంతో ఒక గీత గీశాను. "దూరం నుంచి పరుగెత్తుకుంటూ రా అమ్మా. గీత దాటేటప్పుడు నడుము దగ్గర నుంచి బంతి వదిలెయ్యి. విసరొద్దు, వేళ్ళు తెరువు, అంతే. ఆగకుండా పరుగెత్తు. బంతి ఎక్కడ పడుతుంది?"

"గీత మీదే కదా సార్? నేను ముందుకెళ్ళిపోతాను, అది వెనక ఉండిపోతుంది."

ఈ జవాబు కోసమే అడిగాను. చాలామంది ఇలాగే అనుకుంటారు. మొదటిసారి వేళ్ళు తెరవడంతో పాటు చెయ్యి వెనక్కి లాగింది, దాంతో బంతి గీత దగ్గరే పడింది. తాను చెప్పిందే నిజమైందనుకుంది. చెయ్యి కదపకుండా మళ్ళీ చెయ్యమన్నాను. ఈసారి బంతి గీతకి మీటరుకు పైగా ముందు, ఆమె పాదం పక్కనే పడింది. నమ్మలేక ఇంకో మూడుసార్లు చేసింది.

"వదిలాక దాన్ని ముందుకి ఎవరు తోశారు సార్?"

ఎవరూ తోయలేదు. చేతిలో ఉన్నప్పుడే దానికి ఆమె వేగం ఉంది, దాన్ని ఆపినవాళ్ళూ లేరు. నడుము ఎత్తు 80 సెంటీమీటర్లు అనుకుంటే కిందపడడానికి 0.4 సెకన్లు పడుతుంది. నిలబడి వదిలినా అంతే, పరుగెడుతూ వదిలినా అంతే. సెకనుకి 3 మీటర్ల చొప్పున పరుగెడితే ఆ 0.4 సెకన్లలో బంతి 1.2 మీటర్లు ముందుకెళుతుంది. ఎంతసేపు గాల్లో ఉండాలో పైకీ కిందికీ ఉన్న కదలిక తేలుస్తుంది. ముందుకెళ్ళే కదలిక ఆ సమయాన్ని వాడుకుంటుంది. ఈ పాఠంలో నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే.

తర్వాత తమ్ముణ్ణి 30 మీటర్ల దూరంలో నిలబెట్టి, అతని చేతుల్లోకి విసరమన్నాను. బంతి ఆమె చేయి వదిలిన ఎత్తులోనే అతను పట్టాలి. అలా పట్టకపోతే పైకెళ్ళిన సమయం, దిగిన సమయం సమానం కావు. సరిగ్గా అందిన మూడు విసుర్లకి ఫోన్లో స్టాప్‌వాచ్ 1.9, 2.1, 2.0 సెకన్లు చూపింది. బొటనవేలు కాస్త ముందూ వెనకా పడడం వల్ల వచ్చే తేడా అందులో ఉంది. అందుకే ఒక్క కొలతని నమ్మక, సగటు 2 సెకన్లు తీసుకున్నాం.

మిగతా లెక్కంతా ఆమె పుల్లతో మట్టిలోనే వేసింది. 2 సెకన్లలో 30 మీటర్లంటే ముందుకి వేగం సెకనుకి 15. పైకెళ్ళడానికి పట్టింది సగం, అంటే 1 సెకను. g ని 10 అనుకుంటే పైకి విసిరిన వేగం 10. ఆ ఒక్క సెకనులో బంతి చేతికంటే 5 మీటర్ల ఎత్తు లేచింది. గాలి నిరోధం వదిలేశాం కాబట్టి ఇవి దగ్గరి విలువలు మాత్రమే. నిజానికి గాలి బంతిని కొంచెం కొంచెంగా నెమ్మదింపజేస్తుంది.

"మరి అన్నిటికంటే పైనున్నప్పుడు వేగం సున్నానా?" అన్నాను.

సున్నా అనబోయి ఆగింది. పుల్లతో 15 చుట్టూ సున్నా చుట్టి, "పైకి వెళ్ళేదే సున్నా సార్, ఇది అలాగే ఉంది" అంది. చెయ్యి వణకలేదు.

వారం తర్వాత ఒక లెక్కలో మళ్ళీ ఆ రెండు సూత్రాల దగ్గర ఆగింది. నేనేమీ అనలేదు. కాసేపు పైకి చూసి, మార్జిన్‌లో 90° అని రాసుకుంది.

"నిట్టనిలువుగా విసిరితే బంతి మళ్ళీ నా చేతిలోకే రావాలి, రేంజ్ సున్నా కావాలి. sin180° సున్నా. sin²90° అయితే ఒకటి వస్తుంది, కాబట్టి అది ఎత్తుది" అని గొణుక్కుంటూ sin2θ రాసి, తర్వాతి లెక్కకి వెళ్ళిపోయింది.