రెండు కార్ల ఏడాది ఖర్చు: లీటర్లలో వేసుకున్న లెక్క

మొదటి వారం. చివరి వడపోతలో రెండు కార్లు మిగిలాయి. ఒకటి మామూలు పెట్రోల్ కారు, రెండవది పెట్రోల్ హైబ్రిడ్. రెండూ ఒకే ఇంధనంతో నడుస్తాయి కనుక బీమా, పన్ను మొత్తాలను లీటరు ధరతో భాగించి, ఖర్చులన్నింటినీ లీటర్లలోనే రాసుకోవాలని నిర్ణయించుకున్నాను. ఇలా చేస్తే ఏడాదికి ఎన్ని లీటర్ల తేడా వస్తుందో నేరుగా కనిపిస్తుంది. ఆరేళ్లు వాడతానని అనుకుంటున్నాను.

ముందుగా తేల్చవలసింది ఏడాదికి ఎంత తిరుగుతామన్నది. నేను నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరుగుతానని నమ్మేవాడిని. కానీ పాత కారు సర్వీసు బిల్లులు రెండు తీసి, వాటిపై రాసిన ఓడోమీటర్ అంకెలు చూస్తే 14 నెలల్లో 10,500 కిలోమీటర్లు మాత్రమే తిరిగాను. అంటే ఏడాదికి 9,000. అందులో సుమారు 5,400 నగరంలో, 3,600 హైవేలో.

రెండవ వారం. కంపెనీ కరపత్రంలోని మైలేజీతో తొలి లెక్క వేశాను. పెట్రోల్ కారుకు లీటరుకు 20, హైబ్రిడ్‌కు 25 కిలోమీటర్లు అని ఉంది. ఆ ప్రకారం ఏడాదికి 450, 360 లీటర్లు కావాలి, ఆదా 90 లీటర్లు.

ఈ అంకెలతో తీర్పు చెప్పడం నాకు నచ్చలేదు. ప్రామాణిక పరీక్షలో వచ్చే మైలేజీ రోడ్డు మీద రాదు. పైగా ఆ తగ్గుదల రెండు రకాల కార్లకూ ఒకేలా ఉండదు. ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో మామూలు ఇంజిన్ నిలబడి కూడా పెట్రోలు తాగుతుంది, బ్రేకు వేసినప్పుడు శక్తినంతా వేడిగా పోగొట్టుకుంటుంది. హైబ్రిడ్ అటువంటి చోట ఇంజిన్‌ను ఆపేసి, బ్రేకు శక్తిలో కొంత భాగాన్ని బ్యాటరీలోకి మళ్లిస్తుంది. హైవేలో ఒకే వేగంతో వెళ్లేటప్పుడు ఆ లాభం బాగా తగ్గిపోతుంది.

నాలుగవ వారం. ఈ రెండు మోడళ్లను నడుపుతున్న పరిచయస్తులను ఫుల్ ట్యాంక్ పద్ధతిలో కొలిచి ఇమ్మని కోరాను. పంపు తనంతట తాను ఆగేవరకు నింపి, ఓడోమీటర్ అంకె రాసుకుని, తర్వాత మళ్లీ అలాగే నింపినప్పుడు పట్టిన లీటర్లతో తిరిగిన దూరాన్ని భాగించాలి. పంపు ఆగే చోటు ప్రతిసారీ ఒకేలా ఉండదు. పది లీటర్లు నింపినప్పుడు ఒక్క లీటరు తేడా పడినా ఫలితం పది శాతం తప్పుతుంది. అందువల్ల నగరానికి, హైవేకు విడివిడిగా మూడేసి ట్యాంకుల మొత్తం తీసుకున్నాము. పెట్రోల్ కారు డ్యాష్‌బోర్డు నగరంలో 13 చూపిస్తుండగా, ట్యాంకు లెక్కలో 12 మాత్రమే తేలింది.

పెట్రోల్ కారు నగరంలో 12, హైవేలో 18 ఇచ్చింది. హైబ్రిడ్ రెండు చోట్లా 20 ఇచ్చింది. ఇక్కడ మైలేజీలను కలిపి సగటు తీయకూడదు, ముందు లీటర్లలోకి మార్చుకోవాలి. లీటరుకు 10 చొప్పున వంద కిలోమీటర్లు, 20 చొప్పున మరో వంద తిరిగితే పట్టేది 15 లీటర్లు; సగటు 13.3 అవుతుంది కానీ 15 కాదు. నా దూరానికి పెట్రోల్ కారు 450, 200 కలిపి 650 లీటర్లు తాగుతుంది. హైబ్రిడ్‌కు 270, 180 కలిపి 450 చాలు. ఆదా 90 కాదు, 200 లీటర్లు.

ఐదవ వారం. బీమా కొటేషన్లలో తేడా మొదట 140 లీటర్లు వచ్చింది. అంత ఉండడం అనుమానంగా తోచి రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చదివితే, హైబ్రిడ్ కొటేషన్‌లో మాత్రమే, భాగాల పాతదనానికి కోత పెట్టకుండా క్లెయిమ్ చెల్లించే జీరో డిప్రిసియేషన్ కవర్ చేర్చి ఉన్నట్టు తెలిసింది. రెండింటికీ అవే కవర్లు, క్లెయిమ్‌లో మనం భరించే మొత్తం కూడా ఒక్కటే ఉండేలా మళ్లీ తెప్పించుకున్నాను. ఇప్పుడు పెట్రోల్ కారుకు 240, హైబ్రిడ్‌కు 330. కారు విలువ ఎక్కువైతే సొంత నష్టానికి కట్టే ప్రీమియం పెరుగుతుంది కనుక ఈ 90 లీటర్ల తేడా సహజమే. ఏటా కారు విలువ తగ్గుతుంది, క్లెయిమ్ లేకపోతే బోనస్ కూడా కలుస్తుంది. కాబట్టి తర్వాతి ఏళ్లలో తేడా తగ్గాలి, అయినా లెక్కలో మొదటి ఏడాది అంకెనే ఉంచాను.

పన్ను త్వరగానే తేలింది. రిజిస్ట్రేషన్ సమయంలో ఒకేసారి కట్టేదాన్ని ఆరేళ్లకు పంచితే ఏడాదికి 60, 80 లీటర్లు. పన్ను ఏటా కట్టే పద్ధతి ఉన్నచోట ఈ భాగహారం అవసరం లేదు.

మొత్తం కలిపితే పెట్రోల్ కారుకు 950, హైబ్రిడ్‌కు 860. బీమా, పన్నుల్లో హైబ్రిడ్‌కు 110 లీటర్లు అదనం కాగా, ఇంధనంలో ప్రతి 45 కిలోమీటర్లకు ఒక లీటరు మిగులుతుంది. కాబట్టి ఇదే నిష్పత్తిలో ఏడాదికి 4,950 కిలోమీటర్లకు మించి తిరిగితేనే హైబ్రిడ్ నడపడం చౌక. కరపత్రం అంకెలనే నమ్మి ఉంటే ఆదా 90 దగ్గరే ఆగి, అదే హైబ్రిడ్ 20 లీటర్లు ఖరీదైనదిగా తేలేది.

లీటరు ధర పది శాతం పెరిగితే ఏమవుతుందో కూడా చూశాను. బీమా, పన్నుల అదనం 110 నుంచి 100 లీటర్లకు దిగుతుంది, ఇంధనంలో మిగిలే 200 అలాగే ఉంటుంది. హైబ్రిడ్ కొనడానికి ముందే పెట్టవలసిన అదనపు ధరను ఇంకా ఇందులో కలపలేదు. పాత కార్ల అమ్మకపు ధరలు సేకరించాక వచ్చే వారం ఆ వరుసను చేరుస్తాను.