ఓటీపీ రావట్లేదా? నాన్నకి ఆభా కార్డు చేయించేటప్పుడు నాకు అర్థమైన సంగతులు

నాన్నకి ఆభా, అంటే ఆరోగ్య రికార్డుల కోసం ప్రభుత్వం ఇచ్చే హెల్త్ నంబర్, చేద్దామని ఇంట్లోనే కూర్చున్నా, ఆధార్ నంబర్ కొట్టాను, ఓటీపీ పంపామని స్క్రీన్ మీద వచ్చింది, నాన్న చేతిలో ఉన్న ఫోన్‌కి మాత్రం ఏమీ రాలేదు. అందరం ఇక్కడ చేసే మొదటి పని రీసెండ్ నొక్కడం. అసలు అడగాల్సింది ఆ ఓటీపీ ఏ నంబర్‌కి పోయిందని. ఆధార్‌తో చేసే రిజిస్ట్రేషన్ ఏదైనా మొదటి ఓటీపీ ఆధార్‌కి లింకైన నంబర్‌కే పోతుంది, మన జేబులో ఏ ఫోన్ ఉందో దానికి అనవసరం.

ఏ నంబర్ లింకైందో చూడ్డానికి ఓటీపీ అక్కర్లేదు, ఇది చాలామందికి తెలీదు. myaadhaar.uidai.gov.in లో Check Aadhaar Validity అని ఉంటుంది, ఆధార్ నంబర్, క్యాప్చా కొడితే వయసు ఏ పదేళ్ల మధ్యో, రాష్ట్రం, మొబైల్ నంబర్ చివరి మూడంకెలు చూపిస్తుంది. ఆ మూడంకెలు చూడగానే నాన్న "అరే, అది నా పాత నంబర్ కదరా" అన్నారు. ఆ సిమ్ కీప్యాడ్ ఫోన్‌తో పాటు పాడైపోయింది, అదృష్టం కొద్దీ నంబర్ ఇంకా నాన్న పేరు మీదే ఉంది. 90 రోజులు అసలు వాడకపోతే నంబర్ కట్ చేసి తర్వాత ఇంకొకరికి ఇచ్చేసే వీలుంది కాబట్టి ఇలాంటివి నాన్చకూడదు. నంబర్ పోయి ఉంటే మాత్రం ఆధార్ సెంటర్‌కి వెళ్లి వేలిముద్ర వేసి కొత్త నంబర్ ఎక్కించుకోవచ్చు.

డూప్లికేట్ సిమ్ తీసుకున్నాం. కాల్స్ వస్తున్నాయి, నెట్ కూడా వస్తోంది, మెసేజ్ మాత్రం ఒక్కటీ లేదు. షాపులో కుర్రాడు నెట్‌వర్క్ ప్రాబ్లం అండీ, ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేయండి అన్నాడు. అది కాదు సంగతి, సిమ్ మార్చాక 24 గంటల పాటు ఎస్ఎమ్ఎస్‌లు ఆపేస్తారు, వేరేవాడెవడో మన పేరుతో సిమ్ తీసుకుని బ్యాంకు ఓటీపీలు లాగకుండా పెట్టిన రూలు ఇది. ఈసిమ్‌కి మారినా ఇంతే. ఈ టైంలో ఎన్ని రీసెండ్‌లు కొట్టినా దండగే, పైగా ఎక్కువ కొడితే సైటే కాసేపు బ్లాక్ చేస్తుంది. మర్నాడు వచ్చింది.

ఆధార్ అయ్యాక ఇప్పుడు వాడే మొబైల్ నంబర్ అడిగింది, అది ఆధార్‌కి లింకైన నంబర్ కాకపోతే దానికి ఇంకో ఓటీపీ పంపిస్తుంది. ఇది కూడా రాలేదు! ఈసారి కారణం వేరే. నేను నా ఫోన్ నుంచి నాన్నకి మామూలు మెసేజ్ ఒకటి పెట్టి చూశా, టక్కున వచ్చింది. అంటే సిమ్ బాగుంది, సిగ్నల్ బాగుంది, రీఛార్జ్ ఉంది, ఇక వెతకాల్సింది ఫోన్ లోపల. గూగుల్ మెసేజెస్‌లో పైన ప్రొఫైల్ బొమ్మ నొక్కితే Spam & blocked అని ఉంటుంది, అందులో హాయిగా పడుకుని ఉన్నాయి ఓటీపీలన్నీ. నాన్నకి యాడ్ మెసేజ్‌లంటే చిరాకు, కనిపించినవన్నీ బ్లాక్ కొట్టేస్తుంటారు, ఆ ఊపులో ఇది కూడా పోయింది. పంపినవాళ్ల పేరు చివర ఇప్పుడు ఒక అక్షరం ఉంటుంది చూడండి, P అంటే ప్రమోషన్, S, T, G అంటే సర్వీస్, ట్రాన్సాక్షన్, గవర్నమెంట్. బ్లాక్ కొట్టాలంటే P వాటినే కొట్టమని చెప్పా, వింటారో లేదో.

అన్‌బ్లాక్ చేశాక నాలుగైదు ఓటీపీలు వరసగా కనిపించాయి, సాధారణంగా కొత్తది అడగ్గానే పాతవి చెల్లవు, కాబట్టి ఇంకోసారి అడిగి అన్నిటికంటే చివర వచ్చినదే కొట్టాం, పనైపోయింది.

డీఎన్‌డీ పెట్టుకుంటే ఓటీపీలు రావని మా బాబాయ్ గట్టిగా వాదిస్తారు, అది తప్పు, డీఎన్‌డీ ఆపేది ప్రమోషన్లనే. మామూలు మెసేజ్ కూడా రాకపోతే అప్పుడు ప్లాన్ వ్యాలిడిటీ అయిపోయిందేమో, ఫోన్‌లో స్టోరేజ్ నిండిందేమో చూడండి, ఒకసారి ఏరోప్లేన్ మోడ్ వేసి తీయండి. మామూలువి వస్తూ, స్పామ్‌లో కూడా లేక, ఆ ఒక్క సైటు నుంచే రాకపోతే తప్పు మన దగ్గర లేదు. మన దేశంలో కంపెనీలు పంపే ప్రతి మెసేజ్ ముందే రిజిస్టర్ చేసిన టెంప్లేట్‌తో సరిపోవాలి, వాళ్లు మాటలు అటూఇటూ మారిస్తే టెలికాం వాళ్లు మధ్యలోనే ఆపేస్తారు, మనకి తెలియను కూడా తెలీదు. అలాంటప్పుడు కాల్‌లో ఓటీపీ చెప్పే ఆప్షనో ఈమెయిల్ ఆప్షనో ఉంటే అది వాడండి, లేదంటే వాళ్ల హెల్ప్‌లైన్‌కి చెప్పి ఊరుకోవడమే. ఈమెయిల్ అయితే స్పామ్ ఫోల్డర్‌తో పాటు జీమెయిల్ 15 జీబీ నిండిందేమో కూడా చూసుకోండి, నిండితే కొత్త మెయిల్స్ లోపలికే రావు.