పాంప్లెట్ మూడో ప్రూఫ్: ఫోన్ నంబరు శీర్షికను మింగేసింది

రామంతాపూర్‌లో మా వదిన పెట్టబోయే ట్యూషన్ సెంటర్ పాంప్లెట్ మూడో ప్రూఫ్ నిన్న రాత్రి తీశాను. మళ్లీ పోయింది.

ఏ5 కాగితం, ఒకే పక్క. పైన 'లెక్కలు, సైన్స్ ట్యూషన్' 32 పాయింట్లలో, కింద తరగతులు, సమయాలు 14లో, అడుగున ఫోన్ నంబరు 28లో. అన్నీ ఒకే బోల్డ్ ఫాంటు. లెక్క ప్రకారం శీర్షికే పెద్దది. గోడకి అతికించి దూరంగా నిలబడితే మాత్రం ముందు నంబరే కనిపిస్తోంది. కింది వాటా ఆంటీకి మూడు సెకన్లు చూపించి దాచేశాను. "ఏదో ఫోన్ నంబర్ బాబూ, ప్లంబర్‌దా?" అంది.

మొదట నంబరు వెనక ఎర్ర పట్టీ మీద అనుమానం వచ్చింది. తీసేశాను, తేడా లేదు. తర్వాత దాని చుట్టూ ఉన్న 12 మిల్లీమీటర్ల ఖాళీని సగం చేశాను. కొంచెం తగ్గింది, అంతే. విసుగొచ్చి ప్రింటు మీద స్కేలు పెట్టి కొలిచాను. శీర్షికలో 'ట' ఎత్తు ఐదున్నర మిల్లీమీటర్లు. నంబరులో అంకె ఎత్తు ఏడు! తెలుగు ఫాంటులో పైన గుడులకి, కింద వత్తులకి చోటు వదలాలి కాబట్టి అసలు అక్షరం చిన్నదవుతుంది. అంకెకి ఆ బాధ లేదు, నిటారుగా నిలబడుతుంది. నేను పాయింట్లు చూసుకుంటూ కూర్చున్నాను, కంటికి కావలసింది మిల్లీమీటర్లు.

ఇప్పుడు శీర్షిక 44 పాయింట్లు, అంటే అక్షరం ఏడున్నర. రెండు లైన్లయింది. 'లెక్కలు'లో క వత్తు కింది లైనుకి తగలకుండా లైన్ల మధ్య 64 ఇచ్చాను. నంబరు 20కి దించితే అంకె ఐదుకొచ్చింది. అంకెల పొడవు ఎలాగూ ఉంది కదా అని '6 నుంచి 10వ తరగతి' అన్నదాన్ని 24కి పెంచాను, ఆరు మిల్లీమీటర్లతో అది రెండో మెట్టు. ఈసారి పక్కింటావిడకి చూపించాను, ఆంటీకి ఇప్పటికే తెలుసు కాబట్టి. "ట్యూషనా? పదో తరగతికి సాయంత్రం ఉంటుందా?" అని అడిగింది. సమయాలు 14లోనే ఉన్నాయి, ఆవిడ కన్ను అక్కడిదాకా దిగలేదు. అది ఇంకా తేలాలి.

అడ్రసులో 'గుడి వెనక సందు' ముందు, ఇంటి నంబరు తర్వాత. కుదిరింది.

కాన్వా టెంప్లేట్లు నాకు నచ్చవు. ఇంగ్లిష్ అక్షరాలకు కట్టిన పెట్టెల్లో తెలుగు పెడితే వత్తులు బయటికి కారుతాయి. ఇంక్‌స్కేప్‌లోనే చేస్తున్నాను. సెంటర్ పేరు పైన పెద్దగా పెట్టమని వదిన పట్టు. ఇంకా ఎవరికీ తెలియని పేరు వదినా, నంబరు పక్కన చాలు అన్నాను. ఒప్పుకోలేదు.

ఆదివారం పసుపు మ్యాప్‌లిథో కాగితం మీద నలుపు ఒక్కటే రంగుతో నాలుగో ప్రూఫ్ తీస్తాను. సమయాలు 18కి పెంచి, న్యూస్‌పేపర్ మధ్యలో మడిచి పెట్టి చూస్తాను.