జీతం పడింది, ప్రయాణ ఖర్చులు పడలేదు: జర్మనీలో పేరోల్‌కి రాసిన మెయిల్

ఏప్రిల్ జీతం నెలాఖరుకి అకౌంట్లో పడింది, కానీ మార్చిలో ఆఫీసు పని మీద హాంబర్గ్ వెళ్లొచ్చినందుకు రావాల్సిన 421 యూరోల 20 సెంట్లు అందులో లేవు. రైలు టికెట్టు, హోటలు, అక్కడ తిరిగిన టాక్సీ అన్నీ నా కార్డు మీదే కట్టాను, బిల్లులు మార్చి 14నే సిస్టమ్‌లో పెట్టాను, మేనేజర్ ఏప్రిల్ 2న అప్రూవ్ కూడా చేశారు. మ్యూనిక్‌లో అద్దె కట్టి, ఇంటికి పంపాల్సింది పంపాక చేతిలో మిగిలేదాంట్లో అది చిన్న మొత్తమేమీ కాదు.

మా ఫ్లాట్‌లో ఉండే తమ్ముడు "వచ్చే నెల ఇస్తార్లే అన్నా, దీనికి కూడా మెయిల్ పెడతారా" అన్నాడు. మనవాళ్లలో చాలామందికి ఈ మొహమాటం ఉంది, మన వీసా కంపెనీ చేతిలో ఉందన్న భయం కొంత, డబ్బు అడిగితే చులకనైపోతామేమోనన్న బిడియం కొంత. కానీ ఇది నేను కంపెనీ తరఫున పెట్టిన ఖర్చు, జీతం పెంచమని అడగడం కాదు. పైగా జర్మనీలో ఊరుకుంటే పోయేది మొహమాటం కాదు, డబ్బే. ఎందుకో కింద చెప్తాను.

మెయిల్ రాసే ముందు చూసుకోవాల్సింది ఒకటుంది: డబ్బు నిజంగా రాలేదా, లేక వేరే దారిలో వచ్చిందా అని. కొన్ని కంపెనీలు ప్రయాణ ఖర్చుల్ని జీతంతో కలిపి ఇస్తాయి, కొన్ని అకౌంట్స్ విభాగం నుంచి విడిగా ట్రాన్స్‌ఫర్ చేస్తాయి, కాబట్టి బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఒకటి రెండు వారాలు వెనక్కి వెళ్లి ఆ మొత్తం కోసం వెతకాలి. మా కంపెనీ జీతంతోనే ఇస్తుంది కాబట్టి నేను పేస్లిప్ తెరిచాను. జర్మన్ పేస్లిప్‌లో పైనుంచి కిందకి వస్తుంటే మొదట మొత్తం జీతం, తర్వాత పన్నులు, పెన్షన్, ఆరోగ్య బీమా లాంటి కోతలు, వాటి తర్వాత Gesetzliches Netto అని ఒక అంకె, అన్నిటికంటే కింద మన అకౌంట్లో పడే Auszahlungsbetrag ఉంటాయి. పన్ను లేని ప్రయాణ ఖర్చులు వస్తే ఈ చివరి రెండు అంకెల మధ్యలో సొంత వరుసలో కనిపించాలి. నా పేస్లిప్‌లో ఆ రెండు అంకెలు సెంటుతో సహా ఒకటే, మధ్యలో ఏ వరుసా లేదు. అంటే బ్యాంకు ఆలస్యం కాదు, పేరోల్‌లోకే ఎక్కలేదు. ఈ ఒక్క సంగతి మెయిల్‌లో చెప్తే అవతలి మనిషికి సగం వెతుకులాట తగ్గుతుంది.

ఇక లెక్క. టికెట్టు, హోటలు, టాక్సీలకి బిల్లులుంటాయి కాబట్టి గొడవ లేదు. చిక్కంతా తిండి ఖర్చు దగ్గరే వస్తుంది, ఎందుకంటే ఇక్కడ దానికి బిల్లులు చూడరు, రోజుకింత అని ఇస్తారు. దేశం లోపలి ప్రయాణానికి పన్ను లేకుండా ఇవ్వగలిగిన మొత్తం పూర్తి రోజుకి 28 యూరోలు, బయట రాత్రి ఉండాల్సి వస్తే బయలుదేరిన రోజుకి, తిరిగొచ్చిన రోజుకి ఎన్ని గంటలైనా సరే 14 చొప్పున. హోటల్ బిల్లులో కంపెనీ ఖర్చు మీద బ్రేక్‌ఫాస్ట్ ఉంటే ఆ రోజు మొత్తంలోంచి 5 యూరోల 60 సెంట్లు, అంటే 28లో 20 శాతం, తీసేస్తారు. నేను సోమవారం మార్చి 10న వెళ్లి బుధవారం వచ్చాను. 14, 28, 14 కలిపితే 56, అందులో మంగళ బుధవారాల బ్రేక్‌ఫాస్ట్‌లకి 11.20 పోతే 44.80. రైలు 138.80, హోటల్ రెండు రాత్రులకి 214, స్టేషన్ నుంచి టాక్సీ 23.60. అన్నీ కలిపితే 421.20.

ఒక మాట, ఈ 28, 14 అన్నవి పన్ను చట్టం పెట్టిన అంకెలు, కంపెనీ ఇచ్చి తీరాలని వాటి అర్థం కాదు. ఇచ్చేదీ లేనిదీ కంపెనీ ప్రయాణ నిబంధనల్లోనో కాంట్రాక్టులోనో ఉంటుంది. అందుకే మెయిల్‌లో నేను చట్టం పేరు ఎత్తలేదు, మా కంపెనీ ప్రయాణ నిబంధనల ప్రకారం అనే రాశాను. టికెట్టు, హోటల్ సంగతి వేరు, పని కోసం జేబులోంచి పెట్టిన అవసరమైన ఖర్చు యజమాని తిరిగివ్వాలన్నది ఇక్కడ గట్టిగా ఉన్న సూత్రం.

మెయిల్ ఇంగ్లీషులో రాశాను, తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది. సబ్జెక్ట్ లైన్‌లో నా ఉద్యోగి నంబరు, ఏప్రిల్ పేస్లిప్, ప్రయాణ ఖర్చులు 421.20 యూరోలు రాలేదు అని పెట్టాను.

"నమస్తే. మార్చి 10 నుంచి 12 వరకు నేను హాంబర్గ్‌లోని క్లయింట్ దగ్గరికి వెళ్లిన ప్రయాణానికి సంబంధించిన ఖర్చులు ఏప్రిల్ జీతంతో రావాల్సింది. క్లెయిమ్ మార్చి 14న పెట్టాను, ఏప్రిల్ 2న అప్రూవ్ అయింది, ఏప్రిల్ పేరోల్‌కి మీరు చెప్పిన ఆఖరి తేదీ 10. కానీ ఏప్రిల్ పేస్లిప్‌లో ప్రయాణ ఖర్చులకి ఉండాల్సిన Reisekosten అనే వరుస లేదు, నెట్ జీతం, అకౌంట్లో పడిన మొత్తం రెండూ ఒకటే. విడిగా కూడా ఏ ట్రాన్స్‌ఫర్ రాలేదు.

రావాల్సిన మొత్తం 421.20 యూరోలు: రైలు 138.80, హోటల్ 214.00, టాక్సీ 23.60, మన ప్రయాణ నిబంధనల ప్రకారం బ్రేక్‌ఫాస్ట్‌లు తీసేసిన భోజన భత్యం 44.80.

దయచేసి దీన్ని పన్ను, బీమా కోతలు లేని ప్రయాణ ఖర్చుగానే చెల్లించండి, జీతంలోనో బోనస్‌లోనో కలపవద్దు. వీలైతే ఇప్పుడే విడిగా ట్రాన్స్‌ఫర్ చేయండి, లేదంటే మే జీతంతో తప్పకుండా ఇస్తామని మే 9లోగా రాసి చెప్పండి. అప్రూవ్ అయిన క్లెయిమ్, ఏప్రిల్ పేస్లిప్ జత చేశాను."

అంతే. ఎంత బాధ పడ్డానో, క్రెడిట్ కార్డు బిల్లు ఎప్పుడు కట్టాలో రాయలేదు. ఆ డెస్క్ మీద కూర్చున్నావిడకి ఒకే నెలలో వందల పేస్లిప్‌లు ఉంటాయి, మళ్లీ నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగకుండా పని పూర్తిచేసేలా మెయిల్ ఉండాలి. బ్యాంకు స్టేట్‌మెంట్ మాత్రం జత చేయకండి, మీ అద్దె, మీరు ఇంటికి పంపే డబ్బు వాళ్లు చూడాల్సిన పని లేదు.

అందులో పన్ను లేని ప్రయాణ ఖర్చుగానే అన్న వాక్యం నాకు అన్నిటికన్నా ముఖ్యం. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉండే స్నేహితుడికి ఇలాగే డబ్బు ఆగితే, సరిచేస్తామని చెప్పి తర్వాతి నెల అదే మొత్తాన్ని పై భాగంలో, జీతం వరుసల్లో ఒకసారి ఇచ్చే చెల్లింపుగా ఎక్కించారు. పేస్లిప్‌లో అంకె కనిపించింది కాబట్టి వాడూ వచ్చేసిందనుకున్నాడు, కానీ దాని మీద ఆదాయపు పన్ను, పెన్షన్, ఆరోగ్య బీమా, నిరుద్యోగ బీమా అన్నీ కోసేసరికి చేతికొచ్చింది సగానికి దగ్గర. పెళ్లి కాని వాళ్లకి, ఐటీ జీతాల దగ్గర అదనంగా వచ్చే ప్రతి యూరో మీద కోత అలాగే పడుతుంది. వాడు మళ్లీ అడిగితే ఆ నెల పేస్లిప్ మొత్తం వెనక్కి లెక్కగట్టి మార్చాల్సి వచ్చింది, దానికి ఇంకో నెల పట్టింది.

నా డబ్బు అసలు ఎందుకు ఎగిరిపోయిందో కూడా తర్వాత తెలిసింది. క్లెయిమ్‌లు అప్రూవ్ అయ్యాక ఒక ఫైలుగా పేరోల్ సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్తాయి. నేను ఏప్రిల్ ఒకటిన వేరే టీమ్‌కి మారాను, క్లెయిమ్ మీద పాత టీమ్ ఖర్చుల కోడ్ ఉంది, ఫైలు ఎక్కేటప్పుడు ఆ రెండూ కలవక నా వరుస తప్పుల జాబితాలో పడిపోయింది. ఆ జాబితా ఆ నెల ఎవరూ తెరవలేదు. సిస్టమ్‌లో మాత్రం నాకు అప్రూవ్డ్ అని పచ్చరంగులో కనిపిస్తూనే ఉంది! అందుకే టీమ్ మారిన నెలలో, జాయిన్ అయిన నెలలో, లాంగ్ లీవ్ నుంచి వచ్చిన నెలలో పేస్లిప్ ఒకటికి రెండుసార్లు చూడమంటాను.

నెల మధ్యలో ఆఖరి తేదీ పెట్టడం కూడా వాళ్ల ఇష్టారాజ్యం కాదు. సామాజిక బీమా డబ్బు నెలలో చివరి నుంచి మూడో బ్యాంకు పనిరోజుకల్లా కంపెనీ కట్టేయాలి, దాని లెక్క అంతకన్నా ముందే పంపాలి, కాబట్టి పేరోల్ ఇరవయ్యో తేదీ దాటేసరికి దాదాపు మూసేస్తారు. జీతం పడ్డాక మనం రాసే మెయిల్‌తో ఆ నెల లెక్క మారదు. ప్రయాణ ఖర్చు కోతల కింద ఉండే వరుస కాబట్టి, పన్ను లెక్క కదిలించకుండానే విడిగా పంపొచ్చు, అది అడగడంలో తప్పేమీ లేదు.

ఇక గడువు. జర్మనీలో చాలా ఉద్యోగ కాంట్రాక్టుల చివర్లో ఒక చిన్న పేరా ఉంటుంది: రావాల్సింది ఏదైనా మూడు నెలల్లో రాతపూర్వకంగా అడగకపోతే హక్కు పోతుందని. చట్టం మామూలుగా ఇచ్చే మూడేళ్ల గడువుని ఈ పేరా తగ్గించేస్తుంది. 2016 అక్టోబర్ నుంచి రాసుకున్న మామూలు ఫారం కాంట్రాక్టుల్లో దీనికి సంతకం పెట్టిన కాగితమే కావాలని పట్టుబట్టలేరు, మెయిల్ చాలు. అయితే ఆ మెయిల్‌లో దేనికి, ఎంత అన్న రెండూ స్పష్టంగా ఉండాలి. "నా డబ్బు రాలేదు, కాస్త చూడండి" అని చాట్‌లో పెట్టింది అడిగినట్టు నిలబడుతుందని నమ్మలేం. వచ్చే నెల ఇస్తారులే అనుకుంటూ రెండు మూడు నెలలు జరిపితే ఏం పోతుందో మా తమ్ముడికి కాంట్రాక్టు తీసి ఆ పేరా చూపించాకే అర్థమైంది, వాడిది కూడా అదే గడువు.

మే 6న జవాబు వచ్చింది, క్షమించమని, కోడ్ సరిచేశామని, విడిగా పంపుతున్నామని. ఆ వారంలోనే డబ్బు వచ్చింది. మే పేస్లిప్‌లో ఆ మొత్తం నెట్ కింద ఒకసారి కలిపి, ముందే ఇచ్చేశాం కాబట్టి మళ్లీ తీసేసినట్టు రెండు వరుసలు కనిపించాయి. మొదటి వరుస మాత్రమే ఉంటే రెండుసార్లు ఇచ్చినట్టు, రెండోది మాత్రమే ఉంటే జీతంలోంచి కోసినట్టు, కాబట్టి రెండూ ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఏడాది చివర్లో వచ్చే పన్ను సర్టిఫికెట్‌లో భోజన భత్యం 20వ వరుసలో పడుతుంది, నా 44.80 అక్కడ ఉందో లేదో అప్పుడు చూస్తాను. కంపెనీ తిరిగిచ్చేసింది కాబట్టి రిటర్న్‌లో మళ్లీ ఆ ఖర్చు చూపించకూడదు. ఇవ్వకపోయి ఉంటే చూపించొచ్చు, కానీ అక్కడ తగ్గేది పన్ను పడే ఆదాయమే, 421 యూరోలూ వెనక్కి రావు.