బోర్డుకు వీపు పెట్టి కూర్చున్న క్లాసు

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లిష్ చెబుతాను. చేరిన మొదటి ఏడాది నాకు ఇచ్చిన ఎనిమిదో తరగతిలో 62 మంది పిల్లలు. బెంచీకి ఐదుగురు చొప్పున కూర్చున్నా కొందరు కిందే కూర్చోవాల్సి వచ్చేది. పీరియడ్ 45 నిమిషాలు. ఆ నిమిషాలన్నీ పిల్లలే మాట్లాడినా ఒక్కొక్కరికి వచ్చేది 43 సెకన్లు. ఈ లెక్క బి.ఇడి.లో ఎవరూ వేసి చూపించలేదు. అక్కడ మాకు నేర్పింది కమ్యూనికేటివ్ పద్ధతి. భాషను వాడుతూ నేర్చుకోవాలి, పిల్లలను గ్రూపులుగా కూర్చోబెట్టి మాట్లాడించాలి అని రికార్డుల నిండా రాశాం.

మొదటి వారమే పిల్లలను నలుగురేసి చొప్పున కూర్చోబెట్టి, "మీ ఊరి గురించి ఇంగ్లిష్‌లో మాట్లాడుకోండి" అన్నాను. ఐదు నిమిషాల్లో గది హోరెత్తిపోయింది. పక్క గదిలోంచి లెక్కల సార్ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. "మేడం, మా పిల్లలకు ఏమీ వినపడటం లేదు" అని మెల్లగానే చెప్పారు. నేను బెంచీల మధ్య తిరిగి విన్నాను. అందరూ తెలుగులోనే మాట్లాడుకుంటున్నారు, అదీ జాతర గురించి. వాళ్లది తప్పేమీ కాదు. ఒకే ఊరి పిల్లలు ఒకరికొకరు తెలిసిన ఊరి గురించే చెప్పుకోవాలంటే ఇంగ్లిష్‌తో వాళ్లకు పనేముంది?

నెల తిరక్కుండానే నేను కూడా పాత దారి పట్టాను. పాఠం ఒక్కో వాక్యం చదవడం, తెలుగులో అర్థం చెప్పడం, కష్టమైన మాటలు బోర్డు మీద రాయడం, ప్రశ్నలకు జవాబులు డిక్టేట్ చేయడం, వారానికో రోజు గ్రామర్. వ్యాకరణ-అనువాద పద్ధతి అంటే ఇదే. పద్దెనిమిది, పందొమ్మిదో శతాబ్దాల్లో జర్మన్ బడుల్లో లాటిన్ చెప్పిన తీరు ఆధునిక భాషలకూ వచ్చి స్థిరపడింది. ఇది మన బడుల్లో ఇంకా ఎందుకు నిలబడిందో ఆ ఏడాది నాకు బాగా అర్థమైంది. 62 మందైనా 90 మందైనా ఒకరే మాట్లాడితే చాలు. గది నిశ్శబ్దంగా ఉంటుంది. నోట్సు నిండుతుంది. దిద్దడం తేలిక. అర్థం కాలేదని ఇంటికెళ్లే పిల్లలు తక్కువ, ఎందుకంటే అర్థం తెలుగులో చెప్పేశాం కదా.

లోపం ఎక్కడుందో ఒక అమ్మాయి వల్ల తెలిసింది. యాక్టివ్ వాయిస్‌ను పాసివ్‌లోకి మార్చమంటే పదికి పది తెచ్చుకునే పిల్ల. మూడు రోజులు బడికి రాలేదు. ఎందుకు రాలేదని ఇంగ్లిష్‌లో అడిగితే చాలాసేపు నిలబడి, "మేడం, ఫీవర్ ఈజ్ కమ్ టు మీ" అంది. నాకు చప్పున తట్టింది. "నాకు జ్వరం వచ్చింది" అన్న తెలుగు వాక్యాన్ని ఆ పిల్ల తు.చ. తప్పకుండా మార్చింది. మేం నేర్పిన పనే చేసింది.

ఆ దసరా సెలవుల్లో ఇంగ్లిష్ బోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు గారి ప్రయోగం గురించి చదివాను. 1979 నుంచి 1984 దాకా దక్షిణ భారతదేశంలోని కొన్ని మామూలు బడుల్లో ఆయన బృందం చేసిన పని అది. బెంగళూరు ప్రాజెక్టు అంటారు. వ్యాకరణ పాఠాలు పక్కన పెట్టి, పిల్లలకు ఆలోచించి తేల్చాల్సిన చిన్న చిన్న పనులు ఇచ్చారు: రైళ్ల టైంటేబుల్ చూసి ఏ రైలు పట్టుకోవాలో తేల్చడం, మ్యాపులో దారి కనుక్కోవడం లాంటివి. నన్ను ఆలోచనలో పడేసిన విషయం వేరే ఉంది. ఆయన గ్రూప్ వర్క్ పెట్టలేదు, కావాలనే పెట్టలేదు. పిల్లలు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే తప్పు ఇంగ్లిషే గట్టిపడుతుందని ఆయన అభిప్రాయం. మొదట టీచర్ ఒక పనిని క్లాసు మొత్తంతో కలిసి చేస్తారు, తర్వాత అలాంటిదే ఇంకో పనిని పిల్లలు ఎవరికి వాళ్లు నోట్సులో చేస్తారు. పని స్థాయి సరిపోయిందా అని చూడటానికి ఆయన కొలత కూడా సులువు: క్లాసులో కనీసం సగం మంది, పనిలో కనీసం సగం సరిగ్గా చేయగలగాలి.

నేను ఇన్నాళ్లూ కమ్యూనికేటివ్ అంటే గ్రూపులు, మాటల హోరు అనుకున్నాను. అసలు కావాల్సింది తెలియని సంగతి ఒకటి ఉండటం, దాన్ని తెలుసుకోవాల్సిన అవసరం ఉండటం.

సెలవుల తర్వాత నా బోర్డు మీద బస్సుల టైములు రాశాను. టైములు నేను కల్పించినవే. అమలాపురం వెళ్లే బస్సులు మూడు. ఏడింటికి పల్లెవెలుగు, 9:50కి చేరుతుంది, టికెట్ 55 రూపాయలు. ఏడున్నరకు ఎక్స్‌ప్రెస్, 9:15కి చేరుతుంది, 80 రూపాయలు. 8:20కి ఇంకో పల్లెవెలుగు, 11:10కి చేరుతుంది, 55 రూపాయలు. ముందు క్లాసు మొత్తాన్ని ఇంగ్లిష్‌లో అడిగాను: ఎక్స్‌ప్రెస్ ఎన్నింటికి బయలుదేరుతుంది, ఏది ముందు చేరుతుంది, ఏది చవక. వాళ్లు ఒక్క మాటలో జవాబు చెప్పినా ఒప్పుకుని, దాన్నే పూర్తి వాక్యంగా నేను తిరిగి అన్నాను. "నైన్ ఫిఫ్టీన్" అంటే "ఎస్, ఇట్ రీచెస్ అమలాపురం ఎట్ నైన్ ఫిఫ్టీన్" అని. తప్పు పట్టలేదు, ఆపలేదు.

తర్వాత ఇంగ్లిష్‌లోనే ఒక చిక్కు రాశాను. రవి పదింటికల్లా అమలాపురం ఆసుపత్రిలో ఉండాలి. అతని దగ్గర 60 రూపాయలే ఉన్నాయి. ఏ బస్సు ఎక్కాలి, ఎందుకు? అందరూ నోట్సులో రాయాలి. గది నిశ్శబ్దంగా ఉంది, కానీ డిక్టేషన్ అప్పటి నిశ్శబ్దం కాదు. కళ్లు బోర్డుకీ నోట్సుకీ మధ్య తిరుగుతున్నాయి. కొంతసేపటికి చివరి బెంచీలోంచి ఒక అబ్బాయి లేచాడు. అప్పటిదాకా నోరు విప్పని పిల్లవాడు. "మేడం, సెవెన్ బస్ నో. పల్లెవెలుగు ఆల్వేస్ లేట్. రవి నాట్ రీచ్" అన్నాడు. క్లాసు రెండుగా చీలిపోయింది. "మనీ నో! ఎక్స్‌ప్రెస్ ఎయిటీ!" అని ముందు బెంచీ అమ్మాయి. ఆ వాక్యాల్లో వ్యాకరణం లేదు, కానీ చెప్పాలనుకున్నది ఉంది.

జంటల పని కూడా మళ్లీ మొదలుపెట్టాను, వేరే తీరులో. జిరాక్స్‌లకు డబ్బుల్లేవు. అందుకని ప్రతి జంటలో ఒకరు బోర్డు వైపు, ఇంకొకరు బోర్డుకు వీపు పెట్టి కూర్చుంటారు. వీపు పెట్టినవాళ్ల నోట్సులో ఖాళీ పట్టిక. వాళ్లు అడగాలి, వీళ్లు చూసి చెప్పాలి. నాలుగు నిమిషాల తర్వాత బోర్డు తుడిచేసి కొత్త పట్టిక రాస్తాను, జంటలు అటూ ఇటూ మారతారు. అలా ఎనిమిది నిమిషాల్లో 62 మందికీ అడిగే వంతూ చెప్పే వంతూ వస్తుంది.

మొదట్లో ఇదీ చెడింది. పిల్లలు తలతిప్పి చూసి రాసేసుకున్నారు, లేదా తెలుగులో చెప్పేశారు. పట్టుకోవడం కష్టం కాదు. మూడు జంటల పట్టికలు నాలుగు నిమిషాలకు బదులు ఒక్క నిమిషంలో నిండితే అది మాట్లాడి నింపింది కాదు. అందుకే అంకెలు తగ్గించి, చెప్పకపోతే తెలియని సంగతులు పెట్టాను: "ఆదివారం ఉండదు", "రావులపాలెం మీదుగా వెళ్తుంది". కావాల్సిన ప్రశ్నలు మూడింటిని బోర్డు పక్క గోడ మీద చార్టుగా అంటించాను. మాట రాక తెలుగులోకి పోయేవాళ్లు చాలావరకు తగ్గారు. లెక్కల సార్‌కు ముందే చెప్పి, ఈ పని రోజూ చివరి పది నిమిషాల్లోనే పెట్టాను.

అయితే రెండు నెలలకు ఇంకో సంగతి కనిపించింది. పిల్లలు ధైర్యంగా మాట్లాడుతున్నారు, కానీ తప్పులు అక్కడే ఉన్నాయి. "టు మీ టూ బ్రదర్స్ ఆర్ దేర్." "టు మీ హంగ్రీ ఈజ్ కమింగ్." అవతలివాళ్లూ తెలుగువాళ్లే కాబట్టి ఆ మాటలు వెంటనే అర్థమైపోతాయి. అర్థమైతే చాలన్న చోట తప్పు సరిదిద్దుకునే అవసరమే రాదు. ప్రభు గారి భయం నా క్లాసులో నాకే కనపడింది.

ఇక్కడ నేను అనువాదాన్ని వెనక్కి తెచ్చాను, పాఠం మొత్తానికి కాదు, తెలుగు మనల్ని దారి తప్పించే ఆ ఒక్క చోటికే. బోర్డు మీద నిలువుగీత గీసి ఎడమవైపు తెలుగు రాశాను: నాకు జ్వరం వచ్చింది, నాకు ఆకలేస్తోంది, నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు, నాకు ఈత వచ్చు. తెలుగులో నాలుగూ "నాకు"తోనే మొదలవుతాయి. జ్వరం, ఆకలి, ఈత వాటంతట అవి మన దగ్గరికి వస్తాయి. కుడివైపు ఇంగ్లిష్: "ఐ హ్యాడ్ ఎ ఫీవర్", "ఐ యామ్ హంగ్రీ", "ఐ హావ్ టూ బ్రదర్స్", "ఐ కెన్ స్విమ్". అక్కడ నాలుగూ "ఐ"తో మొదలవుతాయి. "ఇంగ్లిష్‌లో 'నాకు' ఎక్కడికి పోయింది?" అని తెలుగులోనే అడిగాను. ఒక పాప, "అక్కడ అంతా మనమే చేస్తాం మేడం" అంది. దానికంటే బాగా నేను చెప్పలేను. పది నిమిషాల పని. ఇంగ్లిష్‌లో వివరిస్తే వారం పట్టినా అందకపోయేది.

ఇప్పుడు నా పీరియడ్ ఇలా సాగుతుంది. మొదటి పది, పదిహేను నిమిషాలు క్లాసంతా కలిసి ఒక పని, తర్వాత ఎవరికి వాళ్లు నోట్సులో ఒకటి, ఆపైన కొన్ని నిమిషాలు రెండు భాషలు పక్కపక్కన, చివర జంటలు. 62 నోట్సులూ రోజూ దిద్దను. నోట్సుకు రెండు నిమిషాలేసుకున్నా రెండు గంటలు దాటుతుంది. జవాబు తేలిందా లేదా అన్నది చేతులెత్తించి చూస్తాను, రోజుకు రెండు బెంచీల నోట్సులే ఇంటికి తీసుకెళ్లి వాక్యాలు దిద్దుతాను. చేతులు సగం కంటే తక్కువ లేస్తే మర్నాడు పని తేలిక చేస్తాను.

ఈ పద్ధతి అందనివాళ్లు ఉన్నారు. ఆ క్లాసులో 14 మందికి ఇంగ్లిష్ అక్షరాలు కూడబలుక్కోవడం కూడా రాదు. బస్సు పట్టికను వాళ్లు అంకెల వరకే చదవగలరు. జంటలో రెండోవాళ్లు చెప్పింది విని రాసుకుంటారు, అంతవరకే. అర్థం తెలుగులో చెప్పినా, పని ఇచ్చినా వాళ్ల చదువు సమస్య తీరలేదు. వాళ్లతో మధ్యాహ్న భోజనం తర్వాత పావుగంట వరండాలో కూర్చుని ఊళ్ల పేర్లు, పిల్లల పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో రాయించి చదివిస్తున్నాను. డిసెంబరు చివరికి ఆరుగురు బస్సు బోర్డు మీది పేర్లు చదవగలిగారు. మిగిలిన ఎనిమిది మందితో ఇంకా ఆ వరండాలోనే ఉన్నాను.