వడ్డీ పెరిగితే బాండ్ ధర ఎందుకు పడుతుందంటే

వడ్డీ రేట్లు పెరిగాక నా బాండ్ ఫండ్ విలువ తగ్గింది, కాస్త టెన్షన్ పడ్డా లెక్క వేస్తే విషయం సూటిగానే ఉంది. ఏటా 5 ఇచ్చే 100 ముఖవిలువ బాండ్ చేతిలో ఉంది, కొత్తవేమో 6 ఇస్తున్నాయి, మరి పాతదాన్ని 100 పెట్టి ఎవరు కొంటారు? పదేళ్ల బాండ్ ధర సుమారు 92.6కి దిగుతుంది, రెండేళ్లదైతే 98.2 దగ్గరే ఆగుతుంది.

ఈ తేడాను కొలిచేదే డ్యూరేషన్. పొడవాటి చెక్క మీద ఏళ్ల గుర్తులు పెట్టి, ఏ ఏడు వచ్చే డబ్బును ఆ గుర్తు దగ్గర, దాని నేటి విలువంత బరువుగా ఉంచండి; చెక్క వేలి మీద ఎక్కడ తూగుతుందో అదే డ్యూరేషన్. పదేళ్లదాంట్లో అసలు మొత్తం చివర్లో కూర్చుంటుంది కాబట్టి తూకం 8.1 దగ్గర కుదురుతుంది. దాన్ని 1.05తో, అంటే 1కి పాత 5 శాతం రేటు కలిపిన అంకెతో, భాగిస్తే 7.7, రేటు 1 శాతం పెరిగితే రమారమి అంత శాతం నష్టం. నిజంగా పడింది మాత్రం 7.4, ఎందుకంటే రేటు పెరిగే కొద్దీ దూరపు బరువులు తేలికైపోతాయి.