కీలో 327 కలిసింది, పని మాత్రం కలవలేదు: కెల్విన్ లెక్కలతో నా అనుభవం

మా అమ్మాయి ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతోంది. వాయు నియమాలు, ఉష్ణగతిక శాస్త్రం మీద వాళ్ల కాలేజీ ఇచ్చిన వర్క్‌షీటు నిన్న రాత్రితో పూర్తయింది. ఇంకా మరిచిపోకముందే ఇది రాస్తున్నాను, ఎందుకంటే అందులోని ఏడో లెక్క దగ్గర మేమిద్దరం పడ్డ అవస్థ ఇంకొక ఇంట్లో పడకూడదు.

ముందుగా ఆ వర్క్‌షీటు వచ్చిన తీరు చెప్పాలి. జిరాక్స్‌కు జిరాక్స్ తీసిన కాగితాన్ని బల్ల మీద పెట్టి ఫోనుతో ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పడేశారు. డిగ్రీ గుర్తు కోసం అంకె పైన వేసిన చిన్న సున్నా ఆ ఫోటోలో కిందికి దిగి, 27 డిగ్రీలు కాస్తా 270C లాగా, 127 డిగ్రీలు 1270C లాగా కనిపించాయి. డిగ్రీలో భౌతికశాస్త్రం చదివినవాణ్ణి కనుక నాకు వెంటనే అనుమానం వచ్చింది. ఇలాంటి లెక్కల్లో 27, 127, 227, 327 అనే ఉష్ణోగ్రతలు పదేపదే రావడానికి కారణం ఉంది: 273 కలిపితే అవి 300, 400, 500, 600 కెల్విన్ అవుతాయి. అదే 270 కి కలిపితే 543 వస్తుంది, కాగితం మీద చేయవలసిన లెక్కకు అలాంటి అంకెను ఎవరూ ఎంచుకోరు. కనుక ఫోటోలో అంకె అనుమానంగా ఉంటే 273 కలిపి చూడండి. గుండ్రని సంఖ్య వచ్చేదే సాధారణంగా అసలు అంకె. కచ్చితంగా కలపవలసింది 273.15 అయినా, ఈ స్థాయి లెక్కలకు 273 సరిపోతుంది.

మొదటి ఆరు లెక్కలూ నేరుగా PV = nRT లోనో, ఛార్లెస్ నియమంలోనో ప్రతిక్షేపించేవే కావడంతో ఇబ్బంది లేకుండా అయిపోయాయి.

ఏడో లెక్క ఇది. రెండు మోల్‌ల ఆదర్శ వాయువు 27 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంది. పీడనం మారకుండా వేడి చేయగా దాని ఘనపరిమాణం రెట్టింపయింది. తుది ఉష్ణోగ్రత ఎంత, వాయువు చేసిన పని ఎంత? కీ కూడా ఫోటోయే. ఏడో నంబరు ఎదురుగా "327, 4988" అని కనిపిస్తోంది, ప్రమాణాలు ఉండవలసిన అంచు ఫోటోలో తెగిపోయింది. మా అమ్మాయి చేసిన లెక్కలో తుది ఉష్ణోగ్రత 327 వచ్చింది, పని మాత్రం 449 జౌళ్లే వచ్చింది. మొదటి జవాబు కలిసి రెండోది కలవకపోతే పిల్లలు ఏమనుకుంటారు? ఉష్ణోగ్రత సరిగ్గానే ఉందనీ, పని సూత్రంలోనే ఎక్కడో పొరపాటు ఉందనీ అనుకుంటారు. తనూ అదే అనుకుని సూత్రాన్ని మార్చి, R విలువను మార్చి, చివరికి "కీ తప్పు నాన్నా" అని కాగితం పక్కన పెట్టేసింది. కాలేజీకి ఫోన్ చేసి అడిగితే, "327 వచ్చింది కదండీ, స్టెప్పులకు మార్కులు వేస్తాం" అన్నారు. పిల్ల అడుగుతున్నది మార్కుల గురించి కాదు. పద్ధతి చూడకుండా చివరి అంకె కలిసిందా లేదా అని మాత్రమే చూసి వదిలేసే బోధన మీద నాకు ఆ క్షణంలో వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు.

ఫోన్ పెట్టేశాక రెండు జవాబులనూ ఒకదానితో ఒకటి భాగించి చూశాను. 4988 ని 449 తో భాగిస్తే 11.1 వస్తుంది. 300 ని 27 తో భాగించినా అంతే. అంటే కీ ప్రకారం ఉష్ణోగ్రత 300 డిగ్రీలు పెరిగింది, మా అమ్మాయి లెక్కలో 27 డిగ్రీలే పెరిగింది. తప్పు పని సూత్రంలో లేదు, అంతకు ముందటి అడుగులోనే ఉంది.

తను చేసినది ఇదీ: ఘనపరిమాణం రెట్టింపయితే ఉష్ణోగ్రతా రెట్టింపవుతుంది కనుక 27 ని రెట్టింపు చేసి 54 రాసింది, ఆ తరువాత దానికి 273 కలిపి 327 కెల్విన్ అంది. సరైన పద్ధతిలో ముందే 273 కలిపి 300 కెల్విన్ చేసుకోవాలి, దానిని రెట్టింపు చేస్తే 600 కెల్విన్, సెల్సియస్‌లోకి మారిస్తే 327 డిగ్రీలు. కీలోని 327 సెల్సియస్, మా అమ్మాయి 327 కెల్విన్. అంకె ఒక్కటే, కానీ రెండు ఉష్ణోగ్రతల మధ్య తేడా 273 డిగ్రీలు! ఇది ఈ ఒక్క అంకెకే పరిమితమైన యాదృచ్ఛికం కూడా కాదు. మొదటి ఉష్ణోగ్రత t అయితే సరైన జవాబు 2(t + 273) – 273, అంటే 2t + 273 డిగ్రీల సెల్సియస్. తప్పు పద్ధతిలో వచ్చేదీ 2t + 273, కాకపోతే కెల్విన్‌లో. రెట్టింపు అన్న ప్రతి లెక్కలోనూ ఈ ఉచ్చు ఉంటుంది. అందుకే అదే లెక్కను మూడు రెట్లకు మార్చి చేయించాను. సరైన పద్ధతిలో 627 సెల్సియస్, తప్పు పద్ధతిలో 354 కెల్విన్ వచ్చి, ముసుగు తొలగిపోయింది.

ముందే ఎందుకు మార్చాలో కూడా చూపించాను. వాయువు మొదట సున్నా డిగ్రీల సెల్సియస్ వద్ద ఉందనుకుంటే, సున్నాకు రెట్టింపు సున్నాయే కనుక వేడి చేయకుండానే ఘనపరిమాణం రెట్టింపు కావాలి. అది జరగదు. సెల్సియస్ సున్నా నీరు గడ్డకట్టే చోటు మాత్రమే. ఆదర్శ వాయువు ఘనపరిమాణం ఉష్ణోగ్రతకు అనులోమానుపాతంలో ఉండేది –273 నుంచి కొలిచినప్పుడే. ఆ తరువాత పని లెక్క ఒక్క వరుసలో అయిపోయింది: W = nRΔT, అంటే 2 × 8.314 × 300 = 4988 జౌళ్లు.

అయితే ఎనిమిదో లెక్కలో దీనికి వ్యతిరేకమైన చిక్కు వచ్చింది. ఒక మోల్ ఏకపరమాణుక వాయువు ఉష్ణోగ్రత స్థిర ఘనపరిమాణం వద్ద 10 డిగ్రీలు పెరిగితే అంతరిక శక్తి ఎంత పెరుగుతుందని అడిగారు. ఈసారి జాగ్రత్తగా 10 కి కూడా 273 కలిపి, 283 వేసి, 3529 జౌళ్లు తెచ్చింది. సరైన జవాబు 124.7 జౌళ్లే. పెరుగుదలలో రెండు ఉష్ణోగ్రతల 273 లూ ఒకదానినొకటి కొట్టేసుకుంటాయి కనుక 10 సెల్సియస్ డిగ్రీల తేడా 10 కెల్విన్‌ల తేడాయే. "సెల్సియస్ కనిపించగానే 273 కలుపు" అని తరగతిలో బట్టీ పట్టించడం వల్లనే ఇలా అవుతుందని నా గట్టి అభిప్రాయం. సూత్రంలో T ఒంటరిగా నిలబడి గుణించినా, భాగించినా కెల్విన్ తప్పనిసరి. తేడా రూపంలో వస్తే కలపవలసింది ఏమీ లేదు.

చివరి లెక్క స్థిరోష్ణక ప్రక్రియది. 27 డిగ్రీల వద్ద ఉన్న, γ విలువ 1.4 అయిన వాయువును 32 వ వంతు ఘనపరిమాణానికి ఒక్కసారిగా నొక్కితే ఉష్ణోగ్రత 32 ఘాతం 0.4 రెట్లు, అంటే నాలుగు రెట్లు అవుతుంది. ఈసారి నేను పక్కన కూర్చున్నానే గాని నోరు విప్పలేదు. ముందు 300 రాసింది, నాలుగుతో గుణించి 1200 కెల్విన్ అంది, ప్రశ్న సెల్సియస్‌లో అడిగింది కనుక ఆఖరి అడుగులో మాత్రమే 273 తీసివేసి 927 రాసింది. 27 ని నేరుగా నాలుగుతో గుణిస్తే 108 వచ్చేది. డీజిల్ ఇంజనులో స్పార్క్ ప్లగ్ లేకుండానే, నొక్కుడుకు వేడెక్కిన గాలిలోనే ఇంధనం అంటుకుంటుందని, 108 డిగ్రీల గాలి ఆ పని చేయలేదని తనే నాకు చెప్పింది.